పీఈ తక్కువగా ఉంటే షేరు చవకేనా?

(ఒడిశాలోని రాయగడలో తెలుగువారి కోసం ఏర్పాటైన ఆదివారం సాయంత్రపు ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పేపర్ మిల్లు మిత్రులు కనిపిస్తున్నారు, వెనక రైల్వే వాళ్లు ఉన్నారు, గుణుపురం నుంచి కూడా కొందరు వచ్చారని చెప్పారు. సంతోషం. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ లెక్కల విభాగంలోనే పనిచేశాను. సెబీ దగ్గర నమోదైన సలహాదారుని కాను. కాబట్టి ఏ షేరు కొనాలో, ఏది అమ్మాలో ఈ రోజు చెప్పను. ఒక అంకెను ఎలా చదవాలో మాత్రమే చెబుతాను. ఆ అంకె పేరు పీఈ.

ఈ మధ్య డీమ్యాట్ ఖాతా తెరిచిన పిల్లలు నా దగ్గరికి వచ్చి అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మాస్టారూ, ఈ కంపెనీ పీఈ ఆరే ఉంది, ఆ కంపెనీది యాభై ఉంది. ఆరు ఉన్నది చవక కదా, అదే కొనేద్దామా?" అంటారు. ఈ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఫోన్‌లో యాప్ తెరిస్తే ధర పక్కనే కనిపించే అంకె అది. వడపోత పెట్టుకుని పీఈ పది లోపు ఉన్నవన్నీ చూపించమంటే క్షణంలో చూపిస్తుంది. కానీ ఆ జాబితాలో పైన వచ్చేవి చవక షేర్లేనా? ఈ సాయంత్రం దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు అసలు పీఈ అంటే ఏమిటో చూద్దాం. తెలిసినవాళ్లు రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

మన చుట్టుపక్కల జీడితోటలు ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు కదా. ఒకాయన తన తోట పన్నెండు లక్షలకు అమ్ముతానన్నాడు అనుకోండి. నిరుడు ఖర్చులన్నీ పోను ఆయనకు రెండు లక్షలు మిగిలాయట. పన్నెండును రెండుతో భాగిస్తే ఆరు. అంటే ఏటా అంతే మిగిలితే ఆరేళ్లలో పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. ఆ ఆరే పీఈ. కంపెనీకి కూడా ఇదే లెక్క. షేరు ధరను, ఒక్కో షేరు వంతుకు వచ్చిన ఏడాది లాభంతో భాగిస్తారు. ఒక్కో షేరు వంతు లాభాన్ని ఈపీఎస్ అంటారు. కంపెనీ నికర లాభాన్ని మొత్తం షేర్ల సంఖ్యతో భాగిస్తే అది వస్తుంది. ఇంతే. ఇందులో పెద్ద గణితం ఏమీ లేదు.

ఇప్పుడు ఆ తోట దగ్గరే ఒక్క క్షణం ఆగుదాం. ఆయన "నిరుడు రెండు లక్షలు మిగిలాయి" అన్నాడు. మీరైతే ఏమడుగుతారు? "అంతకుముందు ఏడాది ఎంత వచ్చింది? దానికి ముందు?" అని అడుగుతారు కదా! పిక్కల ధర నిరుడు బాగా పలికిందేమో, మామూలు ఏడాదిలో లక్షే మిగులుతుందేమో. లక్షే అయితే ఆరు కాస్తా పన్నెండు అవుతుంది. తోట కొనేటప్పుడు మనందరం అడిగే ఈ ప్రశ్నను షేరు కొనేటప్పుడు ఎందుకు అడగం? యాప్‌లో ఆరు అని చక్కగా రాసి ఉంది కాబట్టి! అది ఒకే ఒక్క ఏడాది లాభంతో వేసిన లెక్క అని అక్కడ ఎవరూ గుర్తుచేయరు.

ఒక ఏడాది అన్నాను. సాధారణంగా యాప్‌లలో కనిపించేది చివరి నాలుగు త్రైమాసికాల లాభం కలిపి వేసిన పీఈ. తెర మీద `TTM` అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. పీఈ భాగహారంలో పైన ఉన్న ధర ఈ రోజుది, కింద ఉన్న లాభం గడిచిపోయినది. మార్కెట్‌లో ధర పెట్టేవాళ్లు మాత్రం రాబోయే లాభాన్ని చూసి పెడతారు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మిగతా ప్రసంగమంతా దీని మీదే నడుస్తుంది. ధర ముందుకు చూస్తుంది, పీఈలోని లాభం వెనక్కి చూస్తుంది.

సరే, ఉదాహరణ కోసం దూరం వెళ్లక్కర్లేదు. మన దామన్‌జోడి ఉంది. నాల్కో. ఈ హాల్లో నాల్కోలో పనిచేసిన వాళ్ల పిల్లలు, బంధువులు ఉండే ఉంటారు. 1981లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. పంచపట్మాలి కొండ మీద బాక్సైట్ తవ్వుతారు, కన్వేయర్ బెల్ట్ మీద అది దామన్‌జోడి రిఫైనరీకి దిగుతుంది, అక్కడ అల్యూమినా అవుతుంది. అందులో కొంత అంగుల్‌లోని వాళ్ల సొంత స్మెల్టర్‌కి వెళ్లి అల్యూమినియం లోహం అవుతుంది. మిగిలిన అల్యూమినాను అమ్మేస్తారు, విశాఖ రేవు మీదుగా బయటి దేశాలకు కూడా పోతుంది. ఎందుకింత వివరంగా చెబుతున్నానంటే, లాభం ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా పీఈ చూసి లాభం లేదు.

ఇప్పుడు కొన్ని అంకెలు చెబుతాను. అన్నీ సుమారు అంకెలే. రాసుకునేవాళ్లు రాసుకోండి. మార్చి 31 నాటి ధరను ఆ ఆర్థిక సంవత్సరపు లాభంతో భాగిస్తాను. నిజానికి ఆ ఏడాది ఫలితాలు మే నెలలోనో జూన్‌లోనో బయటికి వస్తాయి. కాబట్టి ఆ మార్చి 31న యాప్‌లో సరిగ్గా ఇదే పీఈ కనిపించి ఉండదు. విషయం అర్థం కావడానికి ఈ లెక్క చాలు.

2018–19లో నాల్కో నికర లాభం 1,732 కోట్లు. అప్పటికి షేర్లు సుమారు 186 కోట్లు. అంటే ఒక్కో షేరుకు తొమ్మిది రూపాయల పైచిలుకు. 2019 మార్చి చివర షేరు ధర యాభై ఐదు రూపాయల దగ్గర ఉంది. భాగించండి. ఎంతొచ్చింది? సుమారు ఆరు. ఆరంటే చవకే కదా! ప్రభుత్వ కంపెనీ, సొంత గని, సొంత కరెంటు, పైగా డివిడెండ్ ఇస్తుంది. ఇంకేం కావాలి?

ఏడాది గడిచింది. 2019–20 ఫలితాలు వచ్చాయి. నికర లాభం ఎంతో తెలుసా? 138 కోట్లు. మళ్లీ చెబుతున్నాను, పదిహేడు వందల కోట్ల నుంచి నూట ముప్పై ఎనిమిది కోట్లకు పడిపోయింది. పన్నెండో వంతు కన్నా తక్కువ. ఒక్కో షేరుకు డెబ్భై నాలుగు పైసలు. 2020 మార్చి చివర షేరు ధర ముప్పై రూపాయల చుట్టూ ఉంది. ముప్పైని సున్నా పాయింట్ ఏడు నాలుగుతో భాగించండి. నలభై.

ఇక్కడ ఒక్కసారి ఆలోచించండి. ధర యాభై ఐదు ఉన్నప్పుడు పీఈ ఆరు. ధర ముప్పైకి పడ్డాక పీఈ నలభై. షేరు దాదాపు సగం ధరకు దొరుకుతుంటే, పీఈ మాత్రం "ఇది చాలా ఖరీదు" అంటోంది. వడపోత పెట్టుకున్న మన కుర్రాడికి 2019లో ఈ షేరు జాబితాలో పైన కనిపించి ఉంటుంది. 2020లో జాబితాలోంచే మాయమై ఉంటుంది.

ఆ తర్వాత ఏమైంది? 2020–21లో లాభం 1,300 కోట్లు. 2021–22లో 2,952 కోట్లు. 2022 మార్చి చివరికి షేరు నూట ఇరవై రూపాయలు దాటింది. ముప్పై రూపాయల దగ్గర పీఈ నలభై అని వదిలేసిన షేరు రెండేళ్లలో నాలుగు రెట్లయింది. మరి ఆ నూట ఇరవై దగ్గర పీఈ ఎంత? షేరుకు పదహారు రూపాయల లాభం, నూట ఇరవై ధర. ఏడున్నర! అంటే మళ్లీ "చవక" అయింది. మరుసటి ఏడాది లాభం దాదాపు సగమైంది, 2023 మార్చి చివరికి షేరు డెబ్భై ఎనిమిది దగ్గరికి దిగింది.

తలకిందులుగా ఉంది కదా? పీఈ తక్కువ ఉన్న రెండుసార్లూ కొన్నవాళ్లకు మరుసటి ఏడాది దెబ్బ తగిలింది. పీఈ ఎక్కువ ఉన్నప్పుడు కొన్నవాళ్లకు పంట పండింది. ఇది నాల్కో ఒక్కదాని తప్పో, ఎవరి మోసమో కాదు. ఈ రకం వ్యాపారంలో పీఈ అలాగే నడుచుకుంటుంది. ఎందుకో చెబుతాను.

కోవిడ్ వల్ల కదా అని ఎవరో అంటున్నారు. ధర ముప్పైకి పడటంలో కోవిడ్ చేయి తప్పకుండా ఉంది. 2020 మార్చిలో మార్కెట్ అంతా పడిపోయింది. కానీ లాభం చూడండి అన్నయ్యా. 2019–20 అంటే 2019 ఏప్రిల్ నుంచి 2020 మార్చి దాకా. లాక్‌డౌన్ వచ్చింది చివరి వారంలో. అప్పటికే ఆ ఏడాది లాభం పోయింది. పంచపట్మాలిలో బాక్సైట్ అయిపోయిందా? లేదు. దామన్‌జోడిలో పని ఆగిందా? లేదు. కొండ అదే, బెల్ట్ అదే, మనుషులు వాళ్లే. మారింది ఒక్కటే, అల్యూమినా ధర.

2018లో బ్రెజిల్‌లో అలునోర్తె అనే రిఫైనరీ ఉత్పత్తిని సగానికి తగ్గించాల్సి వచ్చింది. భారీ వర్షాల తర్వాత పర్యావరణం విషయంలో వచ్చిన వివాదం మీద అక్కడి అధికారులు అలా ఆదేశించారు. చైనా బయట అది ప్రపంచంలోనే అతి పెద్ద అల్యూమినా రిఫైనరీ. ఆ ఏడాది ఏప్రిల్‌లో అమెరికా వాళ్లు రష్యా అల్యూమినియం కంపెనీ రుసాల్ మీద ఆంక్షలు పెట్టారు. అల్యూమినా ధర టన్నుకు ఆరు వందల డాలర్లు దాటింది. మిగులు అల్యూమినా అమ్ముకునే దామన్‌జోడికి ఆ ఏడాది పండగ. తర్వాత బ్రెజిల్ రిఫైనరీ మీద ఆంక్షలు తీసేశారు, 2019 చివరికి ధర మూడు వందల డాలర్ల కిందికి వచ్చేసింది. ఇటు ఖర్చు మాత్రం ఏమీ తగ్గలేదు. బొగ్గు, కాస్టిక్ సోడా, జీతాలు అన్నీ ఇవ్వాల్సిందే. ఖర్చు కదలకుండా ఉండి అమ్మకపు ధర మాత్రమే సగమైతే లాభం సగమవదు, మొత్తం పోయి నష్టం కూడా రావచ్చు. అమ్మకం వంద, ఖర్చు డెబ్భై అయితే లాభం ముప్పై. అమ్మకం డెబ్భై ఐదుకు దిగితే లాభం ఐదు. అమ్మకం పావు వంతు తగ్గితే లాభం ఆరో వంతుకు పడింది. చూశారా!

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వద్దాం. ధర ముందుకు చూస్తుంది. 2019 మార్చిలో షేరు కొనేవాళ్లకు, అమ్మేవాళ్లకు అల్యూమినా ధర దిగుతోందని తెలుసు. అందుకే షేరుకు తొమ్మిది రూపాయల లాభం వచ్చినా యాభై ఐదుకు మించి ఇవ్వలేదు. "ఈ తొమ్మిది నిలవదు" అని వాళ్ల లెక్క. పీఈ ఆరు అంటే మార్కెట్ ఇచ్చిన తగ్గింపు ధర కాదు, మార్కెట్ చెప్పిన అనుమానం. 2020లో దానికి ఎదురు. డెబ్భై నాలుగు పైసలు ఎల్లకాలం ఉండదని మార్కెట్‌కు తెలుసు. అందుకే కేవలం ఏడు రూపాయలకో, ఎనిమిది రూపాయలకో దిగకుండా షేరు ముప్పై దగ్గర నిలబడింది.

ఇలాంటి వ్యాపారాలను ఆటుపోట్ల వ్యాపారాలు అనుకోవచ్చు, ఇంగ్లిష్ పేపర్లలో సైక్లికల్ అని రాస్తారు. అల్యూమినియం, ఉక్కు, కాగితం, పంచదార, కొన్ని రసాయనాలు, ఓడలు. మన తేరుబలిలో తయారయ్యే ఫెర్రోక్రోమ్ కూడా ఈ కోవలోదే. తాము అమ్మే సరుకు ధరను తాము నిర్ణయించుకోలేని కంపెనీలు ఇవన్నీ. సబ్బులు, బిస్కెట్లు అమ్మే కంపెనీ పదేళ్ల లాభాలు వరసగా రాయండి, మెట్లు ఎక్కినట్టు కొంచెం కొంచెం పెరుగుతూ పోతాయి. అక్కడ నిరుటి లాభంతో వేసిన పీఈ చాలావరకు నమ్మొచ్చు. ఉక్కు కంపెనీవి రాయండి. టాటా స్టీల్ తీసుకోండి, కళింగనగర్‌లో వాళ్ల పెద్ద ఫ్యాక్టరీ ఉంది కదా. 2021–22లో అనుబంధ సంస్థలన్నీ కలిపి లాభం సుమారు 41,700 కోట్లు. మరుసటి ఏడాది సుమారు 8,000 కోట్లు. ఆపై ఏడాది దాదాపు 4,900 కోట్ల నష్టం. 2022 మార్చిలో దాని పీఈ నాలుగు చుట్టూ ఉంది. నాలుగేళ్లలో డబ్బు తిరిగొస్తుందని అర్థమా అది? కాదు కదా.

సరే, రోగం చెప్పారు, మందేదీ అంటారు. ఉంది. పూర్తిగా నయం చేసేది కాదు గానీ, బాగానే పనిచేస్తుంది. ఒక్క ఏడాది లాభానికి బదులు ఐదేళ్ల లాభాల సగటు తీసుకోండి. వీలైతే ఏడేళ్లు, పదేళ్లు. ఆ సగటును ఇప్పటి షేర్ల సంఖ్యతో భాగించండి. వచ్చినదానితో ధరను భాగించండి.

నాల్కో మీదే చేసి చూపిస్తాను. 2020 మార్చిలో ఉన్నాం అనుకోండి. వెనకటి ఐదేళ్ల లాభాలు: 2015–16లో సుమారు 730 కోట్లు, తర్వాత 670, తర్వాత 1,340, తర్వాత 1,732, చివరికి 138. కలపండి. 4,610 చిల్లర. ఐదుతో భాగిస్తే ఏడాదికి సుమారు 920 కోట్లు. 186 కోట్ల షేర్లతో భాగిస్తే షేరుకు ఐదు రూపాయలు కాస్త తక్కువ. ధర ముప్పై. ముప్పై బై ఐదు, ఆరు. యాప్ నలభై అంటోంది, సగటు ఆరు అంటోంది.

ఇప్పుడు 2022 మార్చికి వెళ్దాం. ఐదేళ్లు: 1,340, 1,732, 138, 1,300, 2,952. మొత్తం 7,460. సగటు సుమారు 1,490 కోట్లు. ఈలోగా కంపెనీ కొన్ని షేర్లు వెనక్కి కొంది, షేర్లు 183 కోట్ల చిల్లర అయ్యాయి. షేరుకు ఎనిమిది రూపాయల పైచిలుకు. ధర నూట ఇరవై. భాగిస్తే పదిహేను. యాప్ ఏడున్నర అన్న చోట సగటు పదిహేను అంటోంది. అంటే 2020లో కన్నా రెండున్నర రెట్లు ఖరీదు. ఏది నిజానికి దగ్గరగా ఉందో మీరే చూడండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాత ఏళ్ల ఈపీఎస్‌లను నేరుగా కలిపేయకండి. షేర్ల సంఖ్య మారుతుంటుంది. ఒక షేరును పది చేస్తారు, బోనస్ ఇస్తారు, వెనక్కి కొంటారు. అందుకే నేను మొత్తం లాభాల సగటు తీసి, ఇప్పటి షేర్లతో భాగించాను. ఈ అంకెలు దొరకడం కష్టం కాదు. కంపెనీ వెబ్‌సైట్‌లో వార్షిక నివేదికలు ఉంటాయి, చాలా నివేదికల్లో పదేళ్ల లెక్క ఒకే పేజీలో వేస్తారు. ఒక కాగితం, ఒక కాలిక్యులేటర్, ఒక గంట సమయం.

సగటుకూ హద్దులు ఉన్నాయి, దాచను. కంపెనీ మారకుండా ఉంటేనే సగటు పనికొస్తుంది. సొంత బొగ్గు గనులు మొదలై ఖర్చు తగ్గింది అనుకోండి, రేపటి మామూలు లాభం పాత సగటు కన్నా ఎక్కువే ఉంటుంది. నాల్కోకి ఉత్కళ్ బొగ్గు గనులు వచ్చాయి, దామన్‌జోడిలో కొత్త యూనిట్ నిర్మాణం చేపట్టారు. అలాంటప్పుడు పాత సగటు కంపెనీని తక్కువ చేసి చూపిస్తుంది. దానికి భిన్నంగా, మూతపడే దారిలో ఉన్న కంపెనీకి సగటు లేని ఆశ పుట్టిస్తుంది. అందుకని సగటు వేశాక, "ఈ ఐదేళ్లలో కంపెనీలో ఏం మారింది?" అని అడగాలి. ఆ జవాబు ఏ నిష్పత్తిలోనూ ఉండదు, వార్షిక నివేదిక చదవాల్సిందే.

ఇంకో రెండు చోట్ల పీఈ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. వీటిని క్లుప్తంగా చెబుతాను.

ఒకటి, ఒక్కసారి వచ్చే ఆదాయం. ఒక కంపెనీ మామూలుగా ఏటా నలభై కోట్లు సంపాదిస్తుంది అనుకుందాం. ఈ ఏడాది ఊళ్లో ఉన్న పాత స్థలం అమ్మింది, అరవై కోట్లు లాభం. మొత్తం నూరు కోట్లు. పీఈలో నూరు పడుతుంది. పీఈ ఇరవై ఉండాల్సింది ఎనిమిదిగా కనిపిస్తుంది. స్థలం ప్రతి ఏడాదీ అమ్మగలరా? ఇది కనిపెట్టడం తేలిక. త్రైమాసిక ఫలితాల పట్టికలో `Exceptional items` అనే వరస ఉంటుంది. అక్కడ పెద్ద అంకె ఉంటే ఆగండి. దాని పైన `Other income` అనే వరస కూడా చూడండి. లాభంలో సగం అక్కడి నుంచే వస్తుంటే అది కంపెనీ చేసే వ్యాపారం నుంచి వచ్చిన లాభం కాదు.

రెండు, అప్పు. ఇది నాకు ఎక్కువ దిగులు కలిగించే విషయం. పీఈలో పైన షేరు ధర, కింద షేరు లాభం. అప్పు ఎక్కడైనా కనిపించిందా? రెండు కంపెనీలు ఉన్నాయి. రెండింటికీ షేర్ల మొత్తం విలువ వెయ్యి కోట్లే, లాభం నూరు కోట్లే. రెండింటి పీఈ పది. మొదటి దానికి అప్పు లేదు. రెండో దానికి రెండు వేల కోట్ల అప్పు ఉంది, వడ్డీ ఏటా రెండు వందల కోట్లు కట్టాక నూరు మిగిలింది. ఇద్దరికీ వ్యాపారం మీద వచ్చేది మూడో వంతు తగ్గిందనుకోండి, పన్ను సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదాం. మొదటి కంపెనీకి నూరు అరవై ఏడు అవుతుంది. రెండో దానికి వడ్డీ కట్టకముందు వచ్చే మూడు వందలు రెండు వందలవుతుంది, రెండు వందలూ వడ్డీకే పోతాయి. లాభం సున్నా! ఒకే పీఈ, ఒకే తగ్గుదల. ఒకరు బతికారు, ఇంకొకరు బ్యాంకు మెట్ల మీద కూర్చున్నారు. ఆటుపోట్ల వ్యాపారమూ అయి, అప్పూ ఎక్కువ ఉండి, పీఈ నాలుగో ఐదో కనిపిస్తే, మొదటిసారి షేరు కొంటున్న మనిషి దాన్ని వదిలేయడం మేలని నా గట్టి అభిప్రాయం.

మరి ఈ పీఈ ఎందుకూ పనికిరాదా అంటే, అలా అనను. ఒకే వ్యాపారంలో ఉన్న రెండు కంపెనీలను, ఒకే రోజున, ఒకే రకం లెక్కతో పోల్చడానికి బాగా పనికొస్తుంది. ఒకే రకం లెక్క అని ఎందుకన్నానంటే, కంపెనీ ఒక్కదాని లాభం వేరు, అనుబంధ సంస్థలతో కలిపిన లాభం వేరు. చిన్న విషయం అనుకోకండి. నిఫ్టీ సూచీ పీఈని ఎన్‌ఎస్‌ఈ వాళ్లు 2021 దాకా విడి లాభాలతో వేసేవారు, ఆ ఏడాది మార్చి ఆఖరు నుంచి కలిపిన లాభాలకు మారారు. సూచీ పీఈ నలభై నుంచి ముప్పై మూడు చుట్టూకు దిగింది. మార్కెట్ పడలేదు, లెక్క మారింది అంతే. మీరు ఒక యాప్‌లో ఒక కంపెనీని, ఇంకో యాప్‌లో ఇంకో కంపెనీని చూసి పోలిస్తే ఇదే పొరపాటు జరగొచ్చు.

ఇప్పుడు ప్రశ్నలు.

అమ్మ అడుగుతున్నారు, పీఈ దగ్గర ఏ అంకే లేకుండా గీత కనిపిస్తే ఏమనుకోవాలి అని. నష్టాల్లో ఉందని అర్థం అమ్మా. నష్టంతో భాగిస్తే అర్థం ఉండదు కాబట్టి ఖాళీగా వదిలేస్తారు. ఆ కంపెనీ చవకో ఖరీదో పీఈ చెప్పలేదు. అక్కడ కూడా సగటు వేసి చూడండి, నష్టం వచ్చిన ఏడాదిని వదిలేయకుండా మైనస్‌గానే కలపండి. వదిలేస్తే సగటు అబద్ధం చెబుతుంది.

ఆ వెనక కుర్రాడు. "మరి నాల్కో ఇప్పుడు కొనొచ్చా అంకుల్?" అంటున్నాడు. చెప్పనని ముందే చెప్పాను బాబూ. కానీ లెక్క ఇస్తాను, నువ్వే చెయ్యి. 2024–25లో నాల్కో లాభం సుమారు 5,300 కోట్లు, అంతవరకు కంపెనీ చరిత్రలోనే అతి పెద్దది. షేరుకు ఇరవై తొమ్మిది రూపాయల చుట్టూ. 2024లో ఆస్ట్రేలియాలో ఒక పెద్ద రిఫైనరీ మూతపడి, గినీ నుంచి బాక్సైట్ రాక తగ్గి, ఆ ఏడాది చివర్లో అల్యూమినా ధర ఏడు వందల డాలర్లు దాటింది. 2025లో మళ్లీ నాలుగు వందల కిందికి దిగింది. ఇది ఎక్కడో విన్నట్టుంది కదా? ఇప్పుడు ఆ ఏడాదితో ముగిసే ఐదేళ్లు తీసుకో. 1,300, 2,952, సుమారు 1,540, సుమారు 2,060, సుమారు 5,300. మొత్తం సుమారు 13,150, సగటు 2,630 కోట్లు. షేరుకు పద్నాలుగు రూపాయల పైన. ఇంటికెళ్లి యాప్‌లో ఈ రోజు ధర చూడు. ఒకసారి ఇరవై తొమ్మిదితో భాగించు, ఒకసారి పద్నాలుగుతో భాగించు. రెండు అంకెలూ పక్కపక్కన రాయి. ఆ తర్వాత ఉత్కళ్ గనుల బొగ్గు వల్ల కరెంటు ఖర్చు ఎంత తగ్గిందో వార్షిక నివేదికలో వెతుకు. పద్నాలుగును పెంచాలా, పెంచితే ఎంత పెంచాలి అన్నది దాన్నిబట్టి తేలుతుంది. వచ్చే ఆదివారం ఆ కాగితం తీసుకునిరా, కూర్చుని చూద్దాం.